పెద్దలకు చెప్పే చల్లని మాట, దాని ఆంగ్ల రూపం

తెలుగు గృహాలలో ఆశీర్వచనానికి ఒక దిశ ఉన్నది. అది పెద్దల నుండి పిన్నలకు, గురువు నుండి శిష్యునికి దిగివస్తుంది. పాదాభివందనం చేసిన చిన్నవానిని "చిరంజీవ" అనీ, "దీర్ఘాయుష్మాన్ భవ" అనీ పెద్దలు దీవిస్తారు. ఇదే పలుకు ఎదురు దిశలో సాగదు. డెబ్బైయేళ్ళ మేనత్తను "చిరంజీవ" అని దీవించే మేనల్లుడు తెలుగుదేశంలో కనిపించడు.

అంతమాత్రాన చిన్నవారు పెద్దల క్షేమాన్ని కోరరని కాదు. "మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి", "మీ కడుపు చల్లగా ఉండాలమ్మా", "అంతా మీ ఆశీర్వాదం" అనే మాటలు నిత్యం వినబడుతూనే ఉంటాయి. ఇవి మంత్రాలు కావు. వీధి గుమ్మం దగ్గరా, ఫోను పెట్టేసే ముందూ అలవోకగా వచ్చే పలుకులు. అలవోకగా వస్తాయి కనుకనే వీటి నిర్మాణాన్ని ఎవరూ పరిశీలించరు. ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రమే చిక్కు బయటపడుతుంది.

ఒక గృహంలో జరిగిన సంగతి ఇందుకు తగిన ఉదాహరణ. ఆ ఇంటి పెద్దాయనకు 80 ఏళ్ళు నిండి 81వ ఏడు నడుస్తుండగా సహస్రచంద్రదర్శన శాంతి జరిపించారు. వేయి పున్నములను చూచిన ఆయుర్దాయానికి చేసే శాంతి అది. అమెరికాలో పుట్టి పెరిగిన మనుమడు రాలేకపోయి ఒక కార్డు పంపాడు. ఏమి వ్రాయాలని తల్లిని అడిగితే ఆమె ఫోనులో, "తాతయ్యా, మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండి మమ్మల్ని దీవిస్తూ ఉండాలి అని వ్రాయి" అన్నది. ఆ బాలుడు వ్రాసినది "యు షుడ్ లివ్ ఎ హండ్రెడ్ ఇయర్స్" అనీ, చివర "బ్లెసింగ్స్" అనీ. బంధువులందరి ఎదుట కార్డు చదివిన పినతల్లి నవ్వి, "వీడు తాతగారినే దీవిస్తున్నాడే!" అన్నది. సభ అంతా నవ్వింది. ఆ నవ్వు వీడియోలో మనుమని దాకా వెళ్ళింది. మరుసటి ఏడు అతని నుండి వచ్చినది "హ్యాపీ బర్త్‌డే" ఒక్కటే.

ఆ బాలుని యందు దోషమేమీ లేదు. అతడు తెలుగును తన చెవికి తెలిసినంత మేర సరిగానే అనువదించాడు. "ఉండాలి" అనే రూపానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి: ఒకటి విధి, రెండవది ఆకాంక్ష. "పదింటికల్లా ఇంట్లో ఉండాలి" అన్నప్పుడు విధి. "మీరు చల్లగా ఉండాలి" అన్నప్పుడు ఆకాంక్ష. విదేశంలో పెరిగే పిల్లవాడు ఇంట్లో వినేది చాలావరకు మొదటి అర్థమే. నిద్రపోవాలి, చదువుకోవాలి, పాలు తాగాలి. అందుచేత "షుడ్" అన్నాడు. వైద్యుని హెచ్చరిక వలె ధ్వనించినది అందుకే.

సంస్కృతంలోనూ ఇటువంటి సందిగ్ధత ఉన్నది. "భవ" అనేది లోట్ లకార రూపం. ఆజ్ఞకూ అదే, ఆశీస్సుకూ అదే. కేవలం ఆశీస్సు కొరకే "భూయాత్" వంటి ఆశీర్లిఙ్ రూపాలు వేరుగా ఉన్నాయి. ఆంగ్లంలో ఆ పనిని "మే" అనే చిన్న పదం వాక్యాదిలో నిలిచి నిర్వహిస్తుంది. "మే యు లివ్" అంటే మీరు జీవింతురు గాక అని. అందులో ఆజ్ఞ లేదు, వక్త వయస్సు ప్రసక్తి లేదు. కాబట్టి పెద్దలకు చెప్పే "ఉండాలి" ఆంగ్లంలో "మే" కావాలి. "షుడ్" గానీ "మస్ట్" గానీ కారాదు.

ఇక "నిండు నూరేళ్ళు". ఇరవై ఏళ్ళవానికి ఇది అనంతం వంటిదే. ఎనభై దాటినవారితో ఆంగ్లంలో ఆ సంఖ్యను ఉచ్చరిస్తే లెక్క మొదలవుతుంది. తొంభై ఆరేళ్ళ ముత్తవ్వకు నాలుగేళ్ళ గడువు పెట్టినట్లవుతుంది. తెలుగులో నూరు అనేది సంఖ్య కాదు, పూర్ణత్వం. వేదంలో పురుషుడు శతాయువు అన్న భావన దాని వెనుక ఉన్నది. ఆంగ్ల శ్రోతకు ఆ భావన లేదు గనుక "మెనీ మోర్ ఇయర్స్" అనడమే మేలు. అంకె పోయినా ఆశయం మిగులుతుంది.

"చల్లగా" అనే పదాన్ని మనుమడు వదిలివేశాడు. అర్థం అడిగితే తల్లి "కూల్" అన్నది, అది అతనికి అక్కడ పొసగలేదు. వాక్యంలోని ప్రాణమే అలా జారిపోయింది. ఎండలు మండే దేశంలో చల్లదనమే సుఖం. కడుపు చల్లగా ఉండడమంటే కన్నబిడ్డలు క్షేమంగా ఉండడం. మంచు కురిసే దేశపు భాషలో ప్రేమకు వెచ్చదనం గుర్తు, చల్లదనం ఉదాసీనతకు గుర్తు. ఈ పదాన్ని భావంతోనే దాటించాలి: "ఇన్ గుడ్ హెల్త్ అండ్ పీస్". "మీ కడుపు చల్లగా" అన్నదానికైతే "మే యువర్ చిల్డ్రన్ బి వెల్" అనాలి. తల్లితో ఆ మాట అన్నప్పుడు కోరుతున్నది ఆమె సంతానపు క్షేమమే కదా!

చివరి "బ్లెసింగ్స్" మాత్రం నిజంగా దిశ తప్పినది. లేఖాంతంలో ఆ పదం వ్రాసినవాడు దాత అవుతాడు. తల్లి చెప్పినది దీవెన అడగమని. "ప్లీజ్ బ్లెస్ మి" అని ఉంటే సరిపోయేది. అయితే "గాడ్ బ్లెస్ యు, తాతయ్యా" అన్న పిల్లలను కూడా కొందరు పెద్దలు మందలిస్తుంటారు. ఆ మందలింపు అన్యాయం. ఆ వాక్యంలో కర్త ఈశ్వరుడు; బాలుడు కేవలం ప్రార్థించేవాడు. "మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాలి" అని తెలుగులో చిన్నవారు అనడం లేదా? ఆ రెండింటి అన్వయం ఒక్కటే.

"మీ ఆశీర్వాదంతో ఉద్యోగం వచ్చింది" అన్నచోట మరొక మెలకువ కావాలి. "విత్ యువర్ బ్లెసింగ్" అని ఏకవచనంలో అంటే ఆంగ్లేయుల వాడుకలో అది అనుమతి. తాతగారి సమ్మతి తీసుకొని ఉద్యోగంలో చేరినట్లు వినబడుతుంది. పెళ్ళి సంబంధం విషయంలో అది చక్కగా అమరుతుంది గాని ఇక్కడ కాదు. "ఐ ఓ ఇట్ టు యువర్ ప్రేయర్స్" అంటే కృతజ్ఞత యథాతథంగా చేరుతుంది.

ఇంతకూ ఆ కార్డు ఇలా ఉండవచ్చును: "డియర్ తాతయ్యా, మే యు హావ్ మెనీ మోర్ ఇయర్స్ ఇన్ గుడ్ హెల్త్ అండ్ పీస్, అండ్ మే వి ఆల్వేస్ హావ్ యువర్ బ్లెసింగ్స్." తాతయ్య అనే పిలుపును "గ్రాండ్‌పా" చేయనక్కరలేదు. చివర "నమస్కారం" అని ఆంగ్లాక్షరాలలోనే వ్రాసినా చాలును. దానికి బదులు పదం ఆ భాషలో లేదు. పూర్వం మన జాబులలో చిన్నవారు పెద్దలకు "నమస్కారములు" అనీ, పెద్దలు చిన్నవారికి "ఆశీస్సులు" అనీ వ్రాసేవారు. పేరు చూడకుండానే ఎవరు ఎవరికి వ్రాశారో ఆ ఒక్క పదంతో తెలిసేది.

ఆ పినతల్లి సభలో నవ్వడానికి బదులు మనుమనికి విడిగా ఫోను చేసి ఈ రెండు ముక్కలూ చెప్పి ఉండవలసినది. పెద్దాయన మాత్రం ఆ కార్డును పంచాంగంలో దాచుకున్నారు, "షుడ్" తోనే.