పది శాతం ఎవరి లెక్క?

మా ఆడిబిడ్డ ఇంట్లో దేవుడి గది ముందు ఏడు టైల్స్ మిగతావాటి కంటే రవ్వంత పసుపుగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు కనబడవు. ఆమెకు మాత్రం రోజూ కనబడతాయి. ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ ఏడు తక్కువ పడ్డాయి. నెల తర్వాత అదే షాపులో, అదే డిజైను పేరు చెప్పి తెచ్చారు. పేరు అదే, రంగు మాత్రం అది కాదు. ఒక విడత కాల్చినప్పుడు వచ్చిన ఛాయ మళ్ళీ విడతకు అచ్చంగా రాదు. అందుకే బాక్సు మీద బ్యాచ్ నంబరు వేస్తారు. అది చూడాలని ఆమెకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఈ యేడు హుస్నాబాద్‌లో మా ఇంటి పైన ఒక హాలు, ఒక బెడ్రూమ్ వేసుకున్నాం. గోడల దాకా వచ్చేసరికి రెండేళ్ళ చిట్టీ డబ్బులు అయిపోవచ్చాయి. ఇక ఫ్లోరింగ్ మిగిలింది. హాలు 18 అడుగులకు 12, బెడ్రూమ్ 12 అడుగులకు 11. ప్లాస్టరింగ్ అయినంక ఒక్కో గదిని రెండు చివర్లలో, మధ్యలో టేపు పట్టి నేనే కొలిచాను. గోడలు ఎంత బాగా కట్టినా ఒక చివర అరంగుళం తేడా వస్తుంది. అందుకని ఎక్కువ వచ్చిన కొలతనే రాసుకున్నాను.

షాపాయన చిట్టీ మీద ఇట్లా రాసిచ్చాడు: రెండు గదులు కలిపి 348 చదరపు అడుగులు, స్కర్టింగుకు 35, మొత్తం 383. దాని మీద వేస్టేజీ పది శాతం. రెండడుగుల టైల్, బాక్సుకు నాలుగు, అంటే బాక్సుకు 16 అడుగులు. మొత్తం 27 బాక్సులు.

మా ఆయన చూసి, "వాళ్ళు ఎప్పుడైనా ఎక్కువేసే రాస్తరు. స్కర్టింగు ముక్కల్లనే ఎల్తది. 25 చాలు" అన్నాడు. టైల్స్ మేస్త్రిని అడిగితే, "30 తెప్పించుండ్రి అక్కా, మిగిలితే పడుంటయ్" అన్నాడు. ముగ్గురు మూడు అంకెలు చెప్పారు. 25కూ 30కీ మధ్య తేడా మూడున్నర వేల రూపాయల పైనే. ఎవరి మాట వినాలి?

ముందు బాక్సు పట్టుకున్నాను. దాని పక్కన చిన్న అక్షరాలతో టైల్ సైజు 600 మిల్లీమీటర్లు అనీ, బాక్సులో 1.44 చదరపు మీటర్లు అనీ ఉంది. చదరపు మీటరుకు 10.76 అడుగులు. అంటే బాక్సులో ఉన్నది 16 కాదు, పదిహేనున్నర అడుగులే. మనం రెండడుగుల టైల్ అంటున్నది నిజానికి 23.6 అంగుళాలే. షాపాయన 27 బాక్సులకు 432 అడుగుల ధర వేశాడు. మనకు వచ్చేది 418న్నర. అడుగు 48 రూపాయల చొప్పున 648 రూపాయలు రాని టైల్స్‌కు కడుతున్నామన్నమాట. అడిగితే, "అందరు గట్లనే అంటరమ్మా" అన్నాడు. అందరూ అనుకునేదానికి బిల్లు ఎందుకు కట్టాలి? పదిహేనున్నర చొప్పునే రాయమన్నాను, రాశాడు. గొడవేమీ కాలేదు.

నాకు అసలు సంగతి తెలిసింది ఆ తర్వాతే. ఇంటికొచ్చి పిల్లల గళ్ళ నోటుబుక్కులో హాలు గీశాను. రెండడుగుల టైల్ అనుకుంటే 18 అడుగుల్లో తొమ్మిది, 12 అడుగుల్లో ఆరు అతికినట్టు సరిపోతాయి, 54 చాలు. కానీ టైల్ 23.6 అంగుళాలు, మధ్యలో సందుతో కలిపి 23.7. తొమ్మిది టైల్స్ పరిస్తే 213.3 అంగుళాలు అవుతాయి. గది 216. గోడ దగ్గర 2.7 అంగుళాల సందు మిగిలింది. రెండో వైపు ఆరు టైల్స్ తర్వాత 1.8 అంగుళాలు మిగిలింది. రెండు వేళ్ళంత పట్టీ అన్నమాట.

మర్నాడు మేస్త్రిని పిలిచి, "అన్నా, ఈ పట్టీ ఎట్ల పెడుతవ్?" అని అడిగాను. గంత సన్నపు ముక్క కట్టర్ కింద సగానికి సగం పగులుతదనీ, పెట్టినా కింద సిమెంటు సరిగ్గా పట్టక కొన్నాళ్ళకు కదులుతదనీ, చూడటానికి కూడా బాగుండదనీ చెప్పాడు. మంచి పద్ధతి ఏమిటంటే, గది నడుమ నుంచి మొదలుపెట్టి ఒక నిండు టైల్ తగ్గించి, రెండు గోడల దగ్గరా సమానమైన పెద్ద ముక్కలు రానివ్వాలి. పొడవు వైపు ఎనిమిది నిండు టైల్స్, చెరొక పక్కన 13.2 అంగుళాల ముక్క. వెడల్పు వైపు ఐదు నిండువి, చెరొక పక్కన 12.75 అంగుళాల ముక్క.

ఇక్కడే లెక్క తిరగబడింది. టైల్‌లో సగం అంటే 11.8 అంగుళాలు. మనకు కావలసిన ముక్క సగం కంటే పెద్దది. కాబట్టి ఒక టైల్ నుంచి ఒక్క ముక్కే వస్తుంది, రెండు రావు. వరసకు పది టైల్స్, అట్లా ఏడు వరసలు. హాలుకు 70 టైల్స్. వైశాల్యం లెక్కన 56 చాలాలి! బెడ్రూమ్‌కు 12 అడుగుల వైపు ఇట్లాగే చేస్తే వరసకు ఏడు. 11 అడుగుల వైపు ఐదు నిండువి, ఒక పదమూడున్నర అంగుళాల ముక్క. మొత్తం 42. రెండూ కలిపితే 112 టైల్స్, 28 బాక్సులు.

అదే పట్టీలు పెట్టుకుంటామంటే హాలుకు 56, బెడ్రూమ్‌కు 36, మొత్తం 92 చాలు. ఇక స్కర్టింగు సంగతి. రెండు గదుల చుట్టూ 106 అడుగులు, తలుపుల వెడల్పు తీసేస్తే 94 అడుగులు. నాలుగంగుళాల పట్టీలు కావాలి. నడుమ నుంచి పరిస్తే ఒక్కో కోతలో పది అంగుళాలకు పైగా వెడల్పున్న ముక్క మిగులుతుంది. దాంట్లో రెండు పట్టీలు వస్తాయి. రెండు గదుల్లో అట్లాంటి ముక్కలు 41. కొన్ని పగిలిపోయినా స్కర్టింగు వాటితోనే అయిపోతుంది. కోసిన అంచులు నున్నగా అరగదీయమని మాత్రం ముందే చెప్పాలి. గోడ నుంచి మొదలుపెడితే అట్లాంటి పెద్ద ముక్కలు ఆరే మిగులుతాయి. మిగతా స్కర్టింగుకు ఇంకో ఎనిమిది టైల్స్ కొత్తవి కోయాలి. అప్పుడు 100 టైల్స్, 25 బాక్సులు.

చూశారా! మా ఆయన చెప్పిన 25 తప్పు కాదు. రెండు వేళ్ళ పట్టీలు పెట్టుకుని, ఒక్క టైల్ కూడా పగలకపోతే సరిగ్గా సరిపోతుంది. స్కర్టింగు ముక్కల్లోంచి వస్తుందన్నదీ నిజమే, కానీ అది 28 బాక్సుల పద్ధతిలో. ఒక పద్ధతిలో ఉన్న లాభాన్ని ఇంకో పద్ధతి అంకెకు కలిపాడు, అంతే. షాపాయన 27 వినడానికి ఎక్కువేసినట్టుంది గానీ, మేము అనుకున్న పద్ధతికి నాలుగు టైల్స్ తక్కువ. ఆ నాలుగూ తర్వాత తెచ్చుకుంటే మా హాల్లోనూ ఏ మూలో పసుపు కనబడేది.

నా అభిప్రాయం ఇదీ. వేస్టేజీ పది శాతమా, పదిహేనా అన్నది షాపులో కూర్చుని చెప్పే అంకె కాదు. టైల్స్ ఎక్కడి నుంచి మొదలవుతాయి, గోడ దగ్గర ఎంత ముక్క వస్తుంది అన్నది తేలాకే అది తెలుస్తుంది. మా హాలుకు వైశాల్యం మీద పాతిక శాతం ఎక్కువ పట్టింది. ఇంకొకరి గది పది అంగుళాలు పొడవో పొట్టో అయితే ఐదు శాతంతో అయిపోవచ్చు. ఈ విషయం తేల్చాల్సింది ఆ నేలను రోజూ ఊడ్చి తుడిచేవాళ్ళు. మూడు బాక్సుల తేడా అంటే మాకు రెండు వేల రెండు వందల చిల్లర. హాల్లోకి రాగానే కనబడే గోడకు ఆ డబ్బు పెట్టడం నాకు దండగ అనిపించలేదు. మీ ఇంట్లో ఆ గోడ పొడవునా బీరువాలో, కబోర్డులో వస్తే పట్టీ కనబడదు. అక్కడ ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఏదైనా తెలిసి చేయండి.

ఇంకో మాట. ఈ లెక్క నలుచదరపు గదులకు. మధ్యలో పిల్లర్ ముందుకొచ్చినా, టైల్స్ ఐమూలగా పరవాలనుకున్నా ముక్కలు పెరుగుతాయి. అప్పుడు మేస్త్రితో కూర్చుని గళ్ళ కాగితం మీద ముక్క ముక్కా గీసుకోవాల్సిందే.

చివరికి మేము 29 బాక్సులు తెచ్చాం. లెక్క ప్రకారం 28, పగుళ్ళకు ఒకటి. దించేటప్పుడు ప్రతి బాక్సు మీదా బ్యాచ్ నంబరు నేనే చదివాను. రెండు బాక్సులది వేరే నంబరు. అవి వెనక్కి పంపి, ఆ నంబరువే తెప్పించేదాకా మిగతా డబ్బు ఇవ్వలేదు. "ఇంత చూస్తరా అమ్మా" అన్నాడు ఆటో అబ్బాయి. మా ఆడిబిడ్డ పక్కనే ఉంది. "చూడాలె బిడ్డా" అని ఆమే చెప్పింది.

పని అయ్యేసరికి రెండు టైల్స్ పగిలాయి, రెండు మిగిలాయి. సజ్జ మీద పెట్టాం. రేపు పైపు లీకై నేల తవ్వాల్సి వస్తే ఆ రెండూ ఏ మూలకు? ఇప్పుడైతే ఇంకో బాక్సు తీసుకుని దాచేదాన్ని. అంటే 30. మేస్త్రి మొదటిరోజే చెప్పిన అంకె అది. అతని అనుభవం తప్పు చెప్పలేదు. ఆ ముప్పైలో ఏది ముక్కలకు, ఏది పగుళ్ళకు, ఏది దాచుకోవడానికి అని ఎవరూ విడదీసి చెప్పలేదు, నేనూ అప్పటిదాకా అడగలేదు. విడదీసి చెబితే మా ఆయన కూడా ఆ రోజే ఒప్పుకునేవాడు.