హద్దు గీసే ముందు ముల్లును సరిచేయండి, కానీ ఒక్కసారే

పై వీడియోలో కంపాస్ చూపించిన షాట్ మొదట ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద తీశాం. లైట్ స్టాండ్ పక్కన పెడితే ముల్లు ఒక దిక్కు, నాలుగడుగులు జరిపితే ఇంకో దిక్కు చూపించింది. ఆ షాట్ పక్కన పడేశాం. కానీ చాలామంది రైతులు పొలంలో ఇదే తప్పు చేసి, ఆ కొలతకే దిక్పాతం సవరణ కలుపుతున్నారు. నా అభ్యంతరం దీని మీదే.

కంపాస్ ముల్లు అయస్కాంత ఉత్తరాన్ని చూపిస్తుంది. శాటిలైట్ మ్యాప్ గీసేది అసలు ఉత్తరం ప్రకారం. ఈ రెండింటి మధ్య కోణమే దిక్పాతం. హైదరాబాద్ చుట్టుపక్కల ఇది ఒక డిగ్రీ లోపే, పడమర వైపు. లెక్క సులువుగా ఉండేందుకు ముప్పావు డిగ్రీ అనుకుందాం. పడమర అయితే తీసేయాలి. మొదటి హద్దు రాయి నుంచి రెండో రాయికి కంపాస్ 84 డిగ్రీలు చూపిస్తే మ్యాప్‌లో గీయాల్సింది 83.25 డిగ్రీలు.

ముప్పావు డిగ్రీకి ఇంత గొడవెందుకు అంటారా? 200 మీటర్ల గట్టు చివర అది 2.6 మీటర్లవుతుంది. పక్కన మందు కొట్టే పొలం ఉందని మీరు మూడు మీటర్ల బఫర్ వదిలితే, మ్యాప్‌లో ఆ చివర అది దాదాపు మాయమైనట్టే. తీసేయాల్సింది కలిపితే తప్పు రెట్టింపై 5.2 మీటర్లు తేడా వస్తుంది. సియాటిల్‌లో దిక్పాతం తూర్పుకు 15 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడి వీడియో చూసి ఇక్కడ అంతే కలిపితే చెప్పనక్కర్లేదు.

ఈ తప్పు వైశాల్యంలో దొరకదు. అన్ని గట్లూ ఒకే కోణంలో తిరుగుతాయి కాబట్టి ఎకరాలు సరిగ్గానే వస్తాయి. మ్యాప్ మీద పరిచినప్పుడు మొదటి రాయి దగ్గర కుదిరి, దూరం పోయేకొద్దీ పక్కకి జరిగితే అది దిక్పాతమే. ఒక్క గట్టు మాత్రమే వంకర పోయి, చివరి గీత మొదటి రాయికి కలవకపోతే కారణం ఇంకోటి. దగ్గర్లో ఇనుప కంచో, మోటారో, ఫోన్ కవర్‌లోని అయస్కాంతమో ఉంటుంది.

అందుకే నా పద్ధతిలో ముందు మొదటి రాయి నుంచి రెండోదాన్ని, తర్వాత రెండో రాయి నుంచి మొదటిదాన్ని చూస్తాను. రెండు కోణాల తేడా 180 ఉండాలి. 84కి 264 రావాలన్నమాట. 268 వస్తే అక్కడ నాలుగు డిగ్రీల తప్పుంది, ముప్పావు డిగ్రీ సవరణ దాన్ని బాగుచేయదు. ఇనుముకి దూరంగా జరిగి మళ్లీ చూడాలి.

ఫోన్‌తో కొలిచేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఐఫోన్ కంపాస్ సెట్టింగుల్లో `Use True North` ఆన్‌లో ఉంటే ఫోనే సవరణ చేసేస్తుంది. మీరు మళ్లీ తీసేస్తే తప్పును మీరే కొనితెచ్చుకున్నట్టు.

ఇంత చేసినా ఇది మన బఫర్‌కీ, మొక్కల ప్లాన్‌కీ పనికొచ్చే మ్యాప్ మాత్రమే. పక్క రైతుతో గట్టు తగాదా ఉంటే దీన్ని చేతబట్టుకొని పోకండి, సర్వేయర్‌ని పిలిపించండి.