చిత్తుప్రతిని రాసిన చేయే దిద్దితే



చరవాణిలోని చాట్‌బాట్ చేత ఏదైనా రాయించుకోవడం ఇప్పుడు మన ఇళ్లలో సాధారణమైపోయింది. దానితోపాటు ఒక అలవాటు కూడా స్థిరపడింది. రాసి ఇచ్చిన దానిని వెంటనే దానికే తిరిగి చూపి, ‘ఇందులోని లోపాలు నీవే పరిశీలించి సరిదిద్దు’ అని అడగడం. రామంతాపూర్‌లో మా వద్దకు మసాయిల్ అడగడానికి వచ్చేవారిలో పలువురు, ఇలా రెండు మూడు మార్లు దిద్దించిన కాగితాన్నే చేతబట్టుకొని వస్తున్నారు. ‘మౌలానా! తప్పులన్నీ అదే చూసుకుంది, మీరు ఒక్కసారి చూసి సరేననండి’ అంటారు. ఆ దిద్దుబాటు ఎంతవరకు నమ్మదగినదో ఈ నెల విచారిద్దాం.

దిద్దించడం నిరుపయోగమని మేము అనము. పిల్లవాని ఉపకార వేతనానికి దరఖాస్తు రాయించారనుకోండి. మొదటి చిత్తులో ఒకే విషయం రెండుసార్లు వచ్చి ఉంటుంది, తరగతి పేరు రాయడం మరచిపోయి ఉంటుంది, మర్యాద ఎక్కువై అసలు అభ్యర్థన చివరికి జారిపోయి ఉంటుంది. ‘విమర్శించి తిరిగి రాయి’ అనగానే ఇవన్నీ సర్దుకుంటాయి. ఎందుకంటే ఆ లోపాలన్నీ కాగితం మీదే కనిపిస్తున్నాయి. వాటిని పట్టుకోవడానికి కాగితం దాటి బయటికి పోనక్కరలేదు. చిక్కు వచ్చేది, తప్పు కాగితం మీద కనిపించనప్పుడు.

విరాసత్‌కు సంబంధించి మా ముందుకు వచ్చిన ఒక కాగితాన్ని చూడండి. కుటుంబం ఏదో తెలియకుండా వివరాలు కొంత మార్చి చెబుతున్నాము. ఒక వ్యక్తి మరణించాడు. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు, భార్యకు చెల్లించవలసిన మహర్ అన్నీ పోగా 24 లక్షల రూపాయలు మిగిలాయి. వసీయత్ ఏదీ లేదు. బతికి ఉన్నవారు భార్య, తల్లి, ఇద్దరు కుమార్తెలు, ఒక తమ్ముడు. చాట్‌బాట్ ఇచ్చిన మొదటి చిత్తులో భార్యకు ఎనిమిదో వంతు అంటే 3 లక్షలు, తల్లికి ఆరో వంతు అంటే 4 లక్షలు, కుమార్తెలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు అంటే 16 లక్షలు అని ఉంది. ఇంతవరకు సరిగానే ఉంది. మొత్తం 23 లక్షలు. మిగిలిన లక్షను ఏం చేయాలన్న దగ్గర, సంతానం ఉన్నందున తమ్మునికి వాటా లేదని చెప్పి, ‘రద్ద్’ పద్ధతి ప్రకారం ఆ లక్షను తల్లికీ కుమార్తెలకూ తిరిగి పంచింది. అలా తల్లికి 4 లక్షల 20 వేలు, ఒక్కొక్క కుమార్తెకు 8 లక్షల 40 వేలు అయ్యాయి.

ఆ ఇంటివారు సున్నీలు, హనఫీ ఫిఖ్‌ను అనుసరించేవారు. వారి విషయంలో ఈ లెక్క తప్పు. కుమారుడు ఉంటే సొంత తమ్మునికి ఏమీ రాదు. కాని కుమార్తెలు మాత్రమే ఉన్నప్పుడు అతడు ‘అసబా’గా నిలిచి, నిర్ణీత వాటాలు పోగా మిగిలినది తీసుకుంటాడు. ఆ లక్ష అతనిదే. సంతానం ఎవరున్నా, కుమార్తె అయినా సరే, వాటా కోల్పోయేది తల్లి ఒక్కరై తండ్రి వేరైన సోదరుడు. ‘అన్‌నిసా’ సూరా 12వ ఆయత్‌లో వచ్చే సోదరుడు అతడేనని, 176వ ఆయత్‌లోని సోదరుడు తండ్రి వైపు నుంచి రక్తబంధం ఉన్నవాడని మన ఫుఖహా వివరించారు. తెలుగులో రెండు చోట్లా ‘సోదరుడు’ అనే ఒకే మాట వస్తుంది. పైగా జాఫరీ ఫిఖ్‌లో కుమార్తె ఉన్నా తమ్మునికి రాదు. ఆ చిత్తులోని అంకెలు ఆ ఫిఖ్ ప్రకారం అక్షరాలా సరైనవే. వీటిలో ఏ నియమం వచ్చి దేనితో కలగలిసిందో ఆ కాగితం చూసి చెప్పలేము. అసలు ఏ మజ్‌హబ్ ప్రకారం చెబుతున్నదో అందులో రాసి లేదు. తమ్ముడు ఎటువంటి తమ్ముడని అది అడగనూ లేదు.

ఇప్పుడు దిద్దుబాటుకు వద్దాం. ‘తప్పులుంటే సరిదిద్దు’ అన్నప్పుడు రెండో ప్రతి ఎలా వచ్చిందంటే, వాటాలు పట్టికగా అమరాయి, అప్పులు ముందు తీర్చాలన్న ఒక పేరా చేరింది, వాక్యాలు గంభీరమయ్యాయి. 3, 4.20, 16.80 కూడితే 24 వస్తుందని సరిచూసి, లెక్క సరిపోయిందని ధ్రువీకరించింది. కూడిక నిజంగానే సరిపోయింది! తమ్ముని లక్షను ఇతరులకు పంచినా మొత్తం 24 లక్షలే అవుతుంది కదా. మొత్తం సరిపోవడం కూడికకు సాక్ష్యం, ఎవరు వారసులన్నదానికి కాదు.

ఆ ఇంటి అబ్బాయి చురుకైనవాడు. ఏదో సందేహం కలిగి ‘నిజంగా సరైనదేనా?’ అని మళ్లీ అడిగాడు. అప్పుడది క్షమాపణ చెప్పి, లెక్క మార్చింది. మిగిలిన లక్షలో భార్యకూ భాగమిచ్చి, ఆమె వాటాను సుమారు 3 లక్షల 13 వేలు చేసింది. హనఫీ ఫిఖ్ మూలసూత్రం ప్రకారం రద్ద్‌లో భార్యాభర్తలకు భాగం లేదు. అంటే ఒక తప్పు పోకుండానే రెండో తప్పు వచ్చి చేరింది. తమ్ముడు మూడు ప్రతులలోనూ బయటే నిలబడ్డాడు.

ఇలా ఎందుకు జరుగుతుంది? చాట్‌బాట్ తన ముందున్న మాటలను బట్టి తర్వాత రాగల మాటను అంచనా వేస్తూ వాక్యం నిర్మిస్తుంది. పరిశీలించమన్నప్పుడు దాని ముందున్నది మీ ప్రశ్న, దానితోపాటు తన పాత జవాబు. ‘తమ్మునికి వాటా లేదు’ అన్న వాక్యం అక్కడ రాసి ఉంది గనుక, ఆ తర్వాతి ఆలోచన దానికి అనుగుణంగానే సాగే అవకాశం ఎక్కువ. మొదట ఏ తెలివితో పొరబడిందో ఆ తెలివితోనే తీర్పు చెప్పాలి. రెండో మనిషి లేడు. మీ మాటలో సందేహం ధ్వనిస్తే ఆ ధ్వనికి అనుగుణంగా మారుతుంది. ఆ మార్పు కొత్త ఆధారం దొరికినందువల్ల వచ్చినది కాదు. సరైన జవాబును కూడా ఇలా గట్టిగా అడిగి చెడగొట్టవచ్చు. 2023లో గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు మరికొందరితో కలిసి దీనినే పరీక్షించారు. బడి పిల్లల లెక్కలలో జీపీటీ-4 మొదట నూటికి 95కు పైగా సరిగా చేసింది. బయటి సహాయం లేకుండా తన జవాబులను తానే రెండు విడతలు దిద్దుకున్న తర్వాత అది 89కి తగ్గింది.

ఇంతకన్నా పేరుమోసిన ఉదాహరణ న్యూయార్క్ న్యాయస్థానంలో ఉంది. రాబర్టో మాటా అనే ప్రయాణికుడు, విమానంలో వడ్డించే బండి మోకాలికి తగిలి గాయమైందని అవియాంకా విమాన సంస్థ మీద దావా వేశాడు. 2023లో అతని న్యాయవాదులు సమర్పించిన పత్రంలో ఉదహరించిన పాత తీర్పులు కొన్ని లోకంలో ఎక్కడా లేనివి. చాట్‌జీపీటీ కల్పించినవి. ఆ న్యాయవాదులలో ఒకరు, ఒక తీర్పు పేరు చెప్పి ఇది నిజమైనదేనా అని దానినే అడిగారు. నిజమేనన్నది. మిగిలినవి కల్పితాలా అని అడిగితే కావని, పేరున్న న్యాయ డేటాబేస్‌లలో దొరుకుతాయని చెప్పింది. అవతలి పక్షం న్యాయవాదులు వెతికితే ఒక్కటీ దొరకలేదు. 2023 జూన్ 22న న్యాయమూర్తి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించారు. ఇక్కడ గమనించవలసినది, ఆయన సరిచూడలేదని కాదు. సరిచూశారు, కాని సాక్షినే సాక్ష్యం గురించి అడిగారు.

మన ముహద్దిసీన్ ఈ భేదాన్ని ఎప్పుడో స్థిరపరిచారు. హదీసులు రాసుకున్న విద్యార్థి తన ప్రతిని తానే మళ్లీ చదువుకున్నంత మాత్రాన అది నమ్మదగిన ప్రతి కాదు. గురువు మూలప్రతితో పోల్చి చూడాలి. దానిని ముఖాబలా అన్నారు. ఖతీబ్ బగ్దాదీ చెప్పిన ఒక చిన్న పద్ధతి ముచ్చటైనది. ఒక్కొక్క హదీసు చివర రాసే వృత్తాన్ని ఖాళీగా ఉంచి, పోల్చి చూసిన తర్వాతనే దాని నడుమ చుక్క పెట్టాలి. చుక్క లేని వృత్తం కనిపిస్తే, రాయడం అయింది గాని పోల్చడం కాలేదని చదివేవాడికి తెలుస్తుంది. ఆ ఖతీబ్ గ్రంథం ‘అల్‌కిఫాయా’ను హిజ్రీ 1357లో ముద్రించింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. చాట్‌బాట్ ఇచ్చిన ప్రతి ఎంత అందంగా ఉన్నా అది ఖాళీ వృత్తమే. దానినే మళ్లీ చూడమంటే వృత్తం మరింత గుండ్రంగా వస్తుందేమో గాని చుక్క పడదు.

కనుక దిద్దించదలచినవారు అడిగే తీరు మార్చుకోవాలి. ‘తప్పులున్నాయా’ అని అడిగితే ఏదో ఒకటి చెప్పడానికే చూస్తుంది. దాని బదులు తేల్చగల ప్రశ్న వేయండి. ప్రశ్నలో చెప్పిన ఐదుగురిలో ఒక్కొక్కరి పేరు విడిగా రాసి, వాటా ఉన్నదా లేదా, లేకపోతే ఎవరి కారణంగా లేదు, ఏ మజ్‌హబ్ ప్రకారం, ఏ ఆయత్ లేదా ఏ గ్రంథం ఆధారం అని అడగండి. పై కాగితాన్ని ఇలా అడిగి ఉంటే ‘తమ్ముడు, లేదు, కుమార్తెల కారణంగా, హనఫీ’ అన్న వరుస బయటపడేది. మదరసాలో సిరాజీ చదివిన పిల్లవాడు కూడా అక్కడే వేలు పెట్టేవాడు. అసలు లెక్క అడగక ముందే, జవాబు చెప్పడానికి ఇంకా ఏయే వివరాలు కావాలో అడగమని దానికి చెప్పడం మరీ మంచిది. తమ్ముడు ఏ తల్లి బిడ్డ అన్న ప్రశ్న అప్పుడు వచ్చే అవకాశం ఉంది.

రెండో ఉపాయం, పాత జవాబు చూపకుండా కొత్త సంభాషణ తెరిచి అదే ప్రశ్న మొదటి నుంచీ వేయడం. పాత వాక్యం ముందు లేదు గనుక దాని ఒత్తిడి ఉండదు. రెండు జవాబులు వేరైతే ఎక్కడ వేరయ్యాయో అక్కడ ఆగి ఆలిమ్‌ను అడగాలి. రెండూ ఒకటే అయితే మాత్రం నిశ్చింత పడరాదు. ఒకే ఉస్తాద్ వద్ద ఒకే తప్పు నేర్చుకున్న ఇద్దరు విద్యార్థులను వేర్వేరు గదులలో కూర్చోబెట్టినా ఒకే తప్పు రాస్తారు. వేరొక సంస్థ చాట్‌బాట్‌ను అడిగినా, అదీ చాలావరకు అవే పుస్తకాలు చదివి వచ్చినదని గుర్తుంచుకోవాలి.

ఇక అది చూపిన ఆధారాన్ని తెరిచి చూడటం మనిషి చేయవలసిన పని. ఆయత్ సంఖ్య చెబితే ముస్‌హఫ్ తీసి ఆ ఆయత్ చదవండి. గ్రంథం పేరు చెబితే ఆ గ్రంథంలో ఆ పుట ఉందో లేదో, ఉంటే అక్కడ ఆ మాటే ఉందో లేదో చూడండి, లేదా చూడగలవారి వద్దకు తీసుకువెళ్లండి. విరాసత్ కాగితం మీద సంతకాలు పెట్టి ఆస్తి చేతులు మారక ముందే ఈ పని కావాలి. తర్వాత తేలితే, ఖర్చయిపోయిన లక్షను ఇద్దరు ఆడబిడ్డల వద్ద నుంచీ ముసలి తల్లి వద్ద నుంచీ ఎవరు తిరిగి అడగగలరు?