ఫైలు చెడిపోలేదు, తెలుగు అందులోనే ఉంది

పోయిన వారం మన శాఖ వాట్సాప్ గ్రూపులోకి ఒక వర్డ్ ఫైలు వచ్చింది. చాలా ఏళ్ళ కింద మన సీనియర్ అక్కలు ఆర్.కె.పేట చుట్టుపక్కల ఊళ్ళలో అవ్వల పక్కన కూర్చుని రాసుకొచ్చిన గొబ్బి పాటలు, నాట్ల పాటలు. మొత్తం 42 పేజీలు. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ముందుమాటలోని రెండు మాటలు ఇట్లా కనిపిస్తున్నాయి:

```
ÔÓ\T>∑T
Ä+Á<Ûä
```

గ్రూపులో ఒకరు వైరస్ అన్నారు, ఒకరు కరప్ట్ అయిందన్నారు. "డిలీట్ చేసేసి మళ్ళీ టైపు చేయిద్దాం" అని ఇంకొకరు. దేన్ని చూసి చేయిస్తాం? ఉన్న అచ్చు ప్రతి ఒకటే, దానిలో కొన్ని పేజీల అంచులు చెదలు తినేశాయి. పాడిన అవ్వల్లో కొందరు ఇప్పుడు లేరు. 1960లో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రానికి వచ్చేసింది కాబట్టి, మన ఊళ్ళ పాటల్ని అక్కడివాళ్ళు ఎవరో దాచి ఉంటారనుకోవడం కూడా దండగ.

నేను చెప్పేది ఒక్కటే. ఆ ఫైలు చెడిపోలేదు. అందులో ఒక్క అక్షరం కూడా పోలేదు. ఇక పోతే మన చేతుల్లోనే పోతుంది.

కంప్యూటర్ అక్షరాల్ని బొమ్మలుగా దాచదు, నంబర్లుగా దాస్తుంది. ఆ నంబరుకు ఏ బొమ్మ గీయాలో ఫాంట్ చెబుతుంది. అను లాంటి పాత తెలుగు ఫాంట్లు చేసినవాళ్ళకు తెలుగు కోసం వేరే నంబర్లు దొరకలేదు. ఒక ఫాంట్‌లో ఉండేదే 256 గదులు. అందుకని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, యూరప్ భాషల అక్షరాలు ఉండే గదుల్లోనే తెలుగు బొమ్మల్ని పెట్టారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ మనకు తెలుగు చూపిస్తుంది. లేని కంప్యూటర్, ఆ గదిలో మొదట్నుంచీ ఉన్నవాళ్ళనే చూపిస్తుంది. మనకు కనబడుతున్న గుర్తులు వాళ్ళే.

కొంచెం ఓపికగా చూస్తే చదవడం కూడా వస్తుంది. పైన మొదటి మాట "తెలుగు". మొదటి రెండు గుర్తులు తె. వాలుగీత ల. T అంటే కొమ్ము. తర్వాతి రెండూ గ. మళ్ళీ T, మళ్ళీ కొమ్ము. ఫైలు నిండా వాలుగీత పక్కన T కనిపిస్తే అది "లు", అంటే మన బహువచనం. ఇది తెలిసిన రోజు నాకు ఆ పేజీ పిచ్చిగీతల్లా కనిపించడం మానేసింది. ఇంకా బాగుండేది ద వరుస:

```
<ä    ద
<ë    దా
<é    ద్
<Ûä   ధ
```

ద ఒళ్ళు ఒక గదిలో ఉంది, తలకట్టు ఇంకో గదిలో, పొల్లు ఇంకో గదిలో. ధ కావాలంటే కింద గీత ఒకటి చేరుతుంది. పలక మీద అక్షరం దిద్దినట్టే ముక్కముక్కగా కడతారు. అంటే ఈ ఫాంట్లలో దాగి ఉన్నది ధ అనే అక్షరం కాదు, ధ ఆకారం. గొడవంతా ఈ తేడాలోనే ఉంది.

రెండో మాట "ఆంధ్ర" చూడండి. Ä అంటే ఆ, + అంటే సున్న. ఆ తర్వాత ధ రావాలి కదా? రాలేదు. ముందు Á వచ్చింది, అది ర వత్తు. ధ దాని వెనకాల ఉంది. ఎందుకంటే ఆ వత్తు అక్షరానికి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి ఫాంట్ దాన్ని ముందు గీస్తుంది. యూనికోడ్ మాత్రం మనం పలికే వరుసలో దాస్తుంది: ఆ, సున్న, ధ, పొల్లు, ర. అందుకే ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి ఒక్కో గుర్తుకు ఒక్కో అక్షరం మార్చుకుంటూ పోతే పని అవదు. వత్తుల్ని వాటి చోటుకు జరపాలి కూడా. తమిళంలోనూ పాత ఫాంట్లకు ఇదే తంటా. వాళ్ళ ఎకారం గుర్తు అక్షరానికి ఎడమ పక్కనే కూర్చుంటుంది. దాని పేరు కొంబు. మా ఇంట్లో అమ్మ తమిళం, నాన్న తెలుగు. "కొమ్ము" అంటే ఎకారమా ఉకారమా అని చిన్నప్పుడు నా హోంవర్క్ దగ్గర ఇద్దరికీ పడేది కాదు. కానీ తమిళంలో వత్తులు లేవు కాబట్టి మార్చడం మనకన్నా సులువు.

ఇప్పుడు చేయకూడనివి. ఫైలు తెరిచి "కొంచెం శుభ్రం చేద్దాం" అని ఒక్క గుర్తు కూడా తీయొద్దు. వాక్యం మొదట్లో చిన్న అక్షరం ఉందని వర్డ్ దాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది. ఇంగ్లీషులో అది మర్యాద, ఇక్కడ విధ్వంసం. చిన్న t పొల్లుకు పనిచేస్తుంది, పెద్ద T కొమ్ము. సైజు మారితే అక్షరమే మారిపోతుంది. ఫోన్‌లో కాపీ చేసి వాట్సాప్ మెసేజ్‌లో అతికించొద్దు. గుర్తులు వస్తాయి కానీ ఫాంట్ పేరు రాదు, ఆ పేరే మనకు తాళంచెవి. అసలు ఫైలును పక్కన పెట్టి, నకలు మీదే పని చేయాలి.

తెలుగు చదవలేకపోయిన ప్రతిసారీ జబ్బు ఇదే కాదు. గుర్తుల్లో à అనేది అడుగడుగునా వస్తుంటే, ఉదాహరణకు ఇట్లా ఉంటే

```
à°¤à±†
```

అది పాత ఫాంట్ కాదు, అచ్చమైన యూనికోడ్ తెలుగే. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరం మూడు ముక్కలుగా ఫైలులోకి వెళ్తుంది. ఆ ముక్కల్ని కంప్యూటర్ విడివిడిగా చదివేసింది. పైన ఉన్నది "తె". నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచేటప్పుడు కింద Encoding అన్న చోట UTF-8 ఎంచుకుంటే మామూలుగా సరిపోతుంది. దీన్ని పాత ఫాంట్ కన్వర్టర్‌లో వేస్తే ఇంకా పాడవుతుంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదని, అంతే. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆశ లేదు. ఎవరో దాన్ని తెలుగు పట్టని పద్ధతిలో సేవ్ చేశారు, నంబర్లే పోయాయి. వెనక్కి వెళ్ళి పాత నకలు వెతకాల్సిందే.

మన ఫైలుకు ఏం చేయాలో చూద్దాం. వర్డ్‌లో ఆ గుర్తుల మీద నొక్కితే పైన ఫాంట్ డబ్బాలో పేరు కనిపిస్తుంది. ఆ ఫాంట్ మన కంప్యూటర్‌లో లేకపోయినా పేరు ఉంటుంది. పీడీఎఫ్ అయితే అడోబీ రీడర్‌లో ప్రాపర్టీస్ తెరిచి Fonts అన్న చోట చూడాలి. ఆ ఫాంట్ సంపాదించి ఎక్కిస్తే తెరమీద తెలుగు వచ్చేస్తుంది, కానీ అక్కడితో ఆగిపోతే నాకు ఒప్పుదల లేదు. అది చూడ్డానికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం ఇంకా గుర్తులే. "గొబ్బి" అని వెతికితే దొరకదు, ఫోన్‌లో కనబడదు. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేయాలి. అను ఫాంట్లలోనే వెర్షన్ మారితే గదులు మారతాయి కాబట్టి, ఒక పేరా వేసి చూసి, తప్పులు మరీ ఎక్కువుంటే ఇంకో వెర్షన్ ఎంచుకోవాలి.

నేను మూడు పేజీలు అట్లా మార్చి, మేడం బీరువాలోని అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని చదివాను. చాలావరకు బాగా వచ్చింది. కానీ ఫోన్ నంబరు ముందున్న +91 లోని కూడిక గుర్తు సున్న అయిపోయింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు అర్థం లేని తెలుగయ్యాయి. కన్వర్టర్‌కు తెలీదు కదా, ఎక్కడ తెలుగు ఆగి ఇంగ్లీషు మొదలైందో. కొన్నిచోట్ల చుక్కల వలయం మీద గుడియో ఎత్వమో ఒంటరిగా కూర్చుంది. అది మంచి సూచన. ఆ గుర్తుకు పక్కన ఉండాల్సిన అక్షరం చోటు తప్పిందని అర్థం, అక్కడికి వెళ్ళి సరిచేయొచ్చు. భయపడాల్సింది వలయం లేని తప్పులకు. ఒకే ఆకారాన్ని రెండు రకాల ముక్కలతో కట్టొచ్చు, టైపు చేసినవాళ్ళు కంటికి సరిపోతే చాలనుకున్నారు, కన్వర్టర్‌కు అందులో ఒకటే తెలుసు. ఇంకొకటి వేరే మాటైపోయి నిశ్శబ్దంగా కూర్చుంటుంది. మనిషి చదివితే తప్ప దొరకదు.

డీటీపీ వాళ్ళను తిట్టేవాళ్ళతో నేను కలవను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. కానీ ప్రెస్సుల్లో పేజీలు కట్టింది పేజ్‌మేకర్‌లో. అదే 2001లో వచ్చిన దాని ఆఖరి వెర్షన్‌కు కూడా యూనికోడ్ తెలుగు పట్టలేదు. వాళ్ళకు ఉన్న దారి అదొక్కటే. నా ఫిర్యాదు మన మీదే. ఇప్పుడు మన పత్రిక సంచికకు వ్యాసాలు ఫోన్‌లోనే టైపు చేస్తున్నాం, అంటే పుట్టుకతోనే యూనికోడ్. ప్రెస్సుకు వెళ్ళాక వాళ్ళు దాన్ని పాత ఫాంట్‌లోకి మారుస్తారు. ప్రూఫు దిద్దడం అక్కడే, అచ్చయ్యేది అదే, శాఖ కంప్యూటర్‌లో దాచేదీ అదే. మన ఫోన్లలోని ప్రతి, దిద్దని తప్పులతో సహా, ఫోన్ మార్చినప్పుడు పోతుంది. పదేళ్ళ తర్వాత మన జూనియర్లు ఇట్లాగే "వైరస్" అనుకుంటారు. ప్రూఫులో దిద్దిన ప్రతి తప్పునూ యూనికోడ్ ప్రతిలో కూడా దిద్ది, రెండూ పక్కపక్కన దాచాలని శాఖ నియమం పెట్టాలి. ఖర్చు లేదు, ఒక సాయంత్రం పని.

ఇక ఆ 42 పేజీలు. జతకు మూడు పేజీల చొప్పున పంచుకుంటే పద్నాలుగు జతలు చాలు. ఒకరు అచ్చు ప్రతి చూసి పైకి చదవాలి, ఇంకొకరు తెరమీద చూడాలి. ఇద్దరూ తెరే చూస్తే తప్పు తప్పించుకుంటుంది. ఒక్క షరతు: పాటలో "వచ్చినాది" అని ఉంటే "వచ్చింది" చేయొద్దు, "ఉండాది"ని "ఉంది" చేయొద్దు. కన్వర్టర్ ఆ పని చేయదు, మనమే చేస్తాం. చెదలు తిన్న అంచుల్లో మాట దొరక్కపోతే ఫైలులో ఏముందో అదే ఉంచి, పక్కన ఎర్ర రంగు పెట్టండి. ఆ చోట్లను ఇంకా ఉన్న అవ్వల దగ్గరికి తీసుకెళ్ళి అడగొచ్చు. పేర్లు ఇచ్చేవాళ్ళు ఈ గోడ పత్రిక కింద కట్టిన కాగితం మీద రాయండి.