మతాల పాఠం గూగూడు నుంచి మొదలు: ఉపాధ్యాయుల సమావేశం తీర్మానం

విషయం: తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ప్రపంచ మతాల పాఠ్య ప్రణాళిక.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయరాదని రాజ్యాంగం 28(1) అధికరణం చెబుతోంది. మతబోధ వేరు, మతాల గురించి చదువుకోవడం వేరని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన ప్రణాళిక ఈ రెండో దారిలో నడవాలి.

ఇంతకాలం వాడుతున్న పట్టికలో స్థాపకుడు, పవిత్ర గ్రంథం, ప్రార్థనా స్థలం, పండుగ అనే నాలుగు గళ్లున్నాయి. అన్ని మతాలకూ గళ్లు సమానమే కాబట్టి పక్షపాతం లేదనుకున్నాం. కానీ అవి క్రైస్తవం, ఇస్లాంల కొలతలకు కుట్టిన చొక్కా. హిందూ మతం దగ్గర మొదటి గడిలో పిల్లలు 'లేడు' అని రాయాలి. ఊరి అమ్మవారి జాతరకైతే గ్రంథమూ ఉండదు. ఆ ఖాళీలు పిల్లలకు లోటుగానే కనిపిస్తాయి. అందువల్ల ఆ పట్టికను తొలగించాలని తీర్మానించడమైనది.

దాని స్థానంలో మొదటి పీరియడు నార్పల మండలం గూగూడుతో మొదలవ్వాలి. అక్కడ ముహర్రంలో కుళ్లాయిస్వామి పీరును హిందువులూ ముస్లింలూ కలిసి కొలుస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. పక్కనే ఆంజనేయస్వామి గుడి. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అనే పేర్లు మన హాజరు పట్టీలోనే దొరుకుతాయి. అక్కడ ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఎందుకంటారు అని పిల్లలు ముందు రాయాలి. ఏ మతం అన్న ప్రశ్న ఆ తర్వాతే.

రెండో పీరియడులో క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ మరణం చెప్పాలి. ఆ రోజును షియాలు సంతాపంగా పాటిస్తారు, చాలామంది సున్నీలు ఉపవాసముంటారు. పీర్లను, గుండాన్ని తప్పుపట్టే ముస్లింలూ ఉన్నారు. గూగూడును మతసామరస్యానికి గుర్తుగా మెచ్చుకుని వదిలేస్తే ఈ భేదాలు కనబడకుండా పోతాయి. మెచ్చుకోవడం కూడా ఒక పక్షం వహించడమే! తర్వాతి పీరియడ్లలో క్రైస్తవం, బౌద్ధం, జైనం, సిక్కు మతం వంటివాటికీ అవే ప్రశ్నలు, లోపలి భేదాలతో సహా.

ఉపాధ్యాయులు 'వారి నమ్మకం ప్రకారం' అన్న మాటను అన్ని మతాలకూ వాడాలి, లేదా దేనికీ వాడకూడదు. ఒకరిది చరిత్రగా, మరొకరిది నమ్మకంగా చెబితే పాఠం అక్కడే ఒరిగిపోతుంది. నోటుపుస్తకాల్లో 'మనం', 'వాళ్లు' అన్న మాటలు కనిపిస్తే ఆ భాగాన్ని మళ్లీ చెప్పాలి. పూజను గానీ నమాజును గానీ తరగతిలో నటింపజేయరాదు.

పరీక్షకు పట్టికే సులువని ఒక సభ్యురాలు అభ్యంతరం చెప్పారు. అది నిజమే గనుక, యూనిట్ పరీక్షలో పట్టిక బదులు ఒక ఆచారాన్ని వర్ణించే ప్రశ్న ఇవ్వాలని, దానికి మార్కుల విధానాన్ని ఆమే తయారు చేయాలని నిర్ణయించడమైనది.

గూగూడు ఉత్సవానికి తరగతిని తీసుకెళ్లరాదు. ప్రణాళిక ప్రతిని పాఠానికి ముందే తల్లిదండ్రుల కమిటీకి అందజేయాలి.