స్టిక్ ఆగిపోతే ముందు చేత్తో ముట్టుకుని చూడండి

సినిమా మధ్యలో స్ట్రీమింగ్ స్టిక్ ఆగిపోగానే చాలామంది వేడెక్కిందని తేల్చేస్తారు. నిజానికి ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, వాటి మందులూ వేరే. మొదటిది కరెంటు చాలకపోవడం. టీవీ వెనకుండే యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరే. చాలా స్టిక్‌లతో వచ్చే అడాప్టరు కనీసం 1 ఆంపియరు ఇస్తుంది. మెనూలో తిరుగుతున్నంతసేపూ ఆ అర ఆంపియరు సరిపోవచ్చు. 4కే వీడియో మొదలై ప్రాసెసరు, వైఫై ఒకేసారి జోరందుకోగానే వోల్టేజీ పడిపోయి స్టిక్ రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది. అడాప్టరును గోడ ప్లగ్గులో పెడితే ఆ బాధ తీరుతుంది. రెండోది అసలైన వేడి. గంటసేపు బాగానే ఆడి, చెయ్యి పెట్టలేనంతగా కాలి ఆగిపోతుంది; చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. దీనికి అడాప్టరు మార్చినా లాభం లేదు. గోడకు బిగించిన టీవీ వెనక గాలాడని సందులో స్టిక్ ఇరుక్కుంటే వేడి బయటికి పోయే దారుండదు. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండరు తగిలించి, స్టిక్‌ను టీవీ అంచుకు, గాలి తగిలేచోటికి జరపాలి. టీవీ పోర్టుతో ఒక వైరు తగ్గుతుందన్న మాట నిజమే. కానీ టీవీ ఆపగానే చాలా సెట్లలో ఆ పోర్టుకూ కరెంటు పోతుంది, జరుగుతున్న అప్‌డేట్ మధ్యలోనే తెగిపోతుంది. అందుకే స్టిక్‌తో వచ్చిన అడాప్టరునే వాడండి. కొత్త స్టిక్ కొనేది ఈ రెండూ చేసి చూశాకే.