అందరి చేతిలో ఒక లాంతరు

ఈ సంచికలో తరగతి గది పండుగ రోజు కోసం కాగితపు లాంతరును ఎంచుకున్నాం. కార్తీకంలో ఆకాశదీపం, క్రిస్మస్‌కు నక్షత్రం, రంజాన్‌కు వీధి దీపాలు ఉన్నట్టే, ఏ పండుగా చేసుకోని ఇంట్లోనూ దీపం ఉంటుంది.

ఏ4 కాగితాన్ని పొడవునా సగానికి మడవాలి. మడత వైపు నుంచి కత్తిరిస్తూ, ఎదుటి అంచుకు 2 సెంటీమీటర్ల ముందే ఆపాలి. విప్పి గొట్టంలా చుట్టి అంటిస్తే లాంతరు సిద్ధం. అంచు వైపు నుంచి కత్తిరిస్తే కుచ్చులే మిగులుతాయి. అందుకే మడతపై ముందుగా పెన్సిల్ గీత గీయించండి.

దేవుళ్ల బొమ్మలు, పూజ అక్కర్లేదు. రంగు, అలంకరణ పిల్లలకే వదిలేయండి. "మీ పండుగ గురించి చెప్పు" అని ఏ ఒక్కరినీ నిలబెట్టకండి, చెప్పాలనుకున్నవారు చెబుతారు. కొన్ని కుటుంబాలు పండుగ కార్యక్రమాలకు దూరంగా ఉంటాయి కాబట్టి వారం ముందే తల్లిదండ్రులను అడగండి.

ఆటకు చింతపిక్కలతో అష్టాచెమ్మా చాలు. ఉపవాసం ఉన్న పిల్లలూ కూర్చుని ఆడగలరు. బహుమతిగా మిఠాయి బదులు పెన్సిల్ ఇస్తే ఎవరూ వెనకబడరు. కొలతల పటం 14వ పేజీలో ఉంది.

- సంపాదకుడు